కొత్త ఇన్సెంటివ్ పథకం మొదటి త్రైమాసికం లెక్కపై ఫిర్యాదు

తేదీ: జూలై 22

హెచ్‌ఆర్ విభాగాధిపతి గారికి,

విషయం: ఏప్రిల్–జూన్ సేల్స్ ఇన్సెంటివ్ లెక్క, అభ్యంతరాల గడువు, అర్హత నిబంధన గురించి.

అయ్యా,

మే 20న వచ్చిన సర్క్యులర్‌లో కొత్త ఇన్సెంటివ్ పథకం ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉన్నట్టు ప్రకటించారు. పాత పథకంలో ఇన్‌వాయిస్ కొట్టిన రోజే అమ్మకం మా ఖాతాలో పడేది. ఇప్పుడు కస్టమర్ డబ్బు కంపెనీకి చేరాకే పడుతుంది. ఈ మార్పుపై నాకు పేచీ లేదు. వసూలు కాని బిల్లుకు ఇన్సెంటివ్ ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు, అలాంటి బిల్లులు ఎలా పుడతాయో సేల్స్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నా ఫిర్యాదు పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారిన తీరు మీద.

మన కస్టమర్లకు 45 రోజుల అప్పు ఇస్తున్నాం. గడువు నాటికి డబ్బు కట్టే కస్టమర్ విషయంలో, మే 16 తర్వాత కొట్టిన ఇన్‌వాయిస్ సొమ్ము జూన్ 30లోపు రాదు. ఫిబ్రవరి, మార్చి ఇన్‌వాయిస్‌ల డబ్బు ఈ త్రైమాసికంలోనే వచ్చినా, వాటికి పాత పథకంలో ఇన్సెంటివ్ ఇచ్చేశారు కాబట్టి మళ్లీ లెక్కించరు. అదీ సబబే. అయితే ఈ రెండూ కలిపి చూస్తే 91 రోజుల త్రైమాసికంలో లెక్కకు వచ్చేవి దాదాపు మొదటి 46 రోజుల బిల్లులే. టార్గెట్ మాత్రం మూడు నెలలకీ పూర్తిగా పెట్టారు. పైగా సర్క్యులర్ మా చేతికి అందేసరికే మే 16 దాటిపోయింది. ఇక ఎంత అమ్మినా ఆ త్రైమాసికం లెక్క పెద్దగా మారదు.

నా లెక్కే చూడండి. టార్గెట్‌ను 100 అనుకుంటే నా బిల్లింగ్ 104. జూన్ 30 నాటికి అందులో వసూలైంది 57. 80 శాతం దాటితేనే ఇన్సెంటివ్ అన్నారు కాబట్టి నాకు వచ్చేది సున్నా. గడువు మీరిన బాకీ ఒక్కటీ లేదు. మిగిలిన 47 ఆ తేదీకి ఇంకా అప్పు గడువులోనే ఉంది.

ఆ 47 వచ్చే త్రైమాసికంలో కలుస్తుందని మా మేనేజర్ గారు చెప్పారు. కలుస్తుంది, నిజమే. కానీ ఆ త్రైమాసికంలో చివరి సగం బిల్లులు మళ్లీ దాని తర్వాతి దానికి జరుగుతాయి. అంటే అప్పటి నుంచి లెక్క మామూలుగా నడుస్తుంది తప్ప, ఇప్పుడు పోయింది తిరిగి రాదు. కాబట్టి ఈ ఒక్క త్రైమాసికానికి బిల్లింగ్‌నే లెక్కలోకి తీసుకోండి. అది కుదరకపోతే వసూలు టార్గెట్‌ను సగానికి తగ్గించండి. రెండో పద్ధతిలో నాది 50కి 57 అవుతుంది. చెల్లింపు ఆగస్టు 31న కనుక సరిచేయడానికి ఇంకా సమయం ఉంది.

ఇక అభ్యంతరాల సంగతి. త్రైమాసికం ముగిసిన అయిదు పనిదినాల్లో అభ్యంతరం చెప్పాలని, తర్వాత వచ్చినవి తీసుకోబోమని సర్క్యులర్‌లో ఉంది. మా స్టేట్‌మెంట్ వచ్చింది జూలై 20న. లెక్క చూడకుండా దాంట్లో తప్పేముందో ఎలా చెప్పాలి? వచ్చిన స్టేట్‌మెంట్‌లోనూ మొత్తం ఒక్కటే వేశారు. ఏ ఇన్‌వాయిస్ డబ్బు ఏ తేదీన జమైందో లేదు. ఒక కస్టమర్ రెండు బిల్లులకు కలిపి కట్టినప్పుడు దాన్ని పాత బిల్లుకు సర్దారా, కొత్తదానికా అన్నదాన్ని బట్టే నా అంకె మారుతుంది. ఆ వివరం లేకుండా సరిచూసుకునే దారి లేదు.

అభ్యంతరంపై తుది నిర్ణయం రీజనల్ మేనేజర్‌దే అన్నారు. టార్గెట్ పెట్టిందీ ఆయనే. ఆయన మీద నాకు వ్యక్తిగతంగా ఏ అనుమానమూ లేదు, కానీ వసూళ్ల రికార్డు ఉండేది ఫైనాన్స్ దగ్గర. అక్కడి వారొకరు, హెచ్‌ఆర్ నుంచి ఒకరు కలిసి చూడాలి. ఇన్‌వాయిస్ వారీ స్టేట్‌మెంట్ అందిన రోజు నుంచి పది పనిదినాల గడువు ఇచ్చి, జవాబు కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి. వివాదం లేని మొత్తాన్ని అనుకున్న తేదీకే చెల్లించి, తేలాల్సింది మాత్రమే ఆపాలి.

చివరగా అర్హత. చెల్లింపు రోజున ఉద్యోగంలో ఉండాలని, నోటీసు పీరియడ్‌లో ఉన్నా ఇవ్వబోమని రాశారు. జూన్ 30 దాకా పనిచేసి, టార్గెట్ అందుకుని, జూలైలో రాజీనామా ఇచ్చినవాళ్లు కూడా దీనివల్ల మొత్తం పోగొట్టుకుంటారు. అర్హతకు త్రైమాసికం ముగిసిన రోజును ప్రామాణికంగా తీసుకోండి.

ఈ లేఖనే నా అభ్యంతరంగా నమోదు చేసి, ఇన్‌వాయిస్ వారీ వివరాలు పంపించి, ఆగస్టు పేరోల్ ఖరారయ్యేలోగా రాతపూర్వక జవాబు ఇవ్వగలరు. నా బిల్లింగ్ జాబితా, వచ్చిన స్టేట్‌మెంట్ జతచేశాను.

ఇట్లు,
సేల్స్ విభాగం ఉద్యోగి