కూరగాయలు ఉడికించిన నీళ్ల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి సైన్స్ ల్యాబ్‌లో క్యాబేజీ ఉడికించారన్న కబురు ఇంటింటికీ చేరి, చివరికి "కుక్కర్లో వండితే విటమిన్లన్నీ చచ్చిపోతాయని స్కూల్లో చెప్పారట" అనే దాకా వచ్చింది. పిల్లలు అలా చెప్పలేదు, మేమూ చెప్పలేదు. వాళ్లు చేసింది ఇది.

తరిగిన క్యాబేజీని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని 300 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, రెండోదాన్ని అన్నే నీళ్లమీద జల్లెడలో పెట్టి, 8 నిమిషాలు ఉడికించారు. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే ముదురు నీలం వస్తుంది. విటమిన్ సి తగిలితే ఆ నీలం పోతుంది. చల్లారిన నీళ్లను చుక్కచుక్కగా పోసి చూశారు. క్యాబేజీ మునిగి ఉడికిన నీళ్లతో 11 చుక్కలకే రంగు పోయింది. ఆవిరి గిన్నె అడుగు నీళ్లతో 40 చుక్కలు పోసినా పోలేదు.

అంతటితో రిపోర్టు రాసేయొచ్చు. కానీ వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సార్, ఆవిరి గిన్నె నీళ్లలోకి రాలేదంటే విటమిన్ కూరలోనే ఉన్నట్టా, వేడికి పోయినట్టా?" అని అడిగింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లకైనా చటుక్కున తట్టని ప్రశ్న అది! సమాధానం కూడా తనే కనుక్కుంది. ఉడికిన రెండు క్యాబేజీలనూ సమానంగా తూచి, సమానమైన నీళ్లతో నూరి, వడకట్టి మళ్లీ పరీక్షించింది. ఆవిరిలో ఉడికినదాని రసం 9 చుక్కలకు రంగు తీసేసింది, నీళ్లలో ఉడికినదాని రసానికి 17 పట్టాయి. చుక్కలు ఎన్ని తక్కువ పడితే విటమిన్ అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు నా అభినందనలు.

కాబట్టి ముఖ్యమైన నష్టం నీళ్లలోకి కారిపోవడం వల్ల. విటమిన్ సి, ఫోలేట్ లాంటి బి విటమిన్లు, పొటాషియం నీళ్లలో కరుగుతాయి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కరగదు. పైగా ఉడికించి, కాస్త నూనె తగిలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. ప్రెషర్ కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, నిజమే. కానీ నీళ్లు తక్కువ, సమయం తక్కువ, అందుకే సరిగ్గా వాడితే అది మంచి పాత్రే. అడుగున గ్లాసు నీళ్లు, పైన గిన్నెలో ముక్కలు, మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి గడియారం చూడండి. బీన్స్ ముక్కలకు 2 నిమిషాలు చాలు. ఆ వెంటనే కుక్కర్ కంపెనీ చెప్పిన పద్ధతిలో ప్రెషర్ తీసేయాలి. దానంతట అది దిగేదాకా వదిలితే లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

లంచ్ బాక్సుల్లో బీన్స్ ఖాకీ రంగులో కనిపిస్తున్నాయి. ఉదయం హడావుడి మాకు తెలుసు, మీ శ్రమ మీద మాకు గౌరవం ఉంది. అయినా "ఎందుకైనా మంచిదని" ఇంకో రెండు విజిళ్లు రానివ్వడం, రాత్రే తరిగి నీళ్లలో నానబెట్టడం, రంగు కోసం వంటసోడా వేయడం దయచేసి మానండి. సోడా ఆకుపచ్చను నిలబెడుతుంది కానీ విటమిన్ సి, బి1లను పాడుచేస్తుంది.

ఇక ఆ నీళ్లు! వాటిని సింకులో పారబోయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బు పెట్టి కొని, కడిగి, తరిగి, అందులో మంచిదంతా నీళ్లలోకి దింపి, తీరా ఆ నీళ్లనే కాలవలో కలపడమా? అసలు మిగలనంత కొద్దిగానే పోయండి. ముందు కడిగి, తర్వాత తరగండి. మిగిలితే ఆ పూటే సూప్‌లోకో, గ్రేవీలోకో, పిండి కలపడానికో వాడండి, ఉప్పు వేసి ఉడికించి ఉంటే అక్కడ ఉప్పు తగ్గించండి. నిలవుంచాలంటే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక్క రోజు. ఈలోగా విటమిన్ సి తగ్గుతుంది కానీ పొటాషియం ఎక్కడికీ పోదు.

అందుకే ఒక జాగ్రత్త. ఇంట్లో కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లుంటే, వాళ్ల కూరగాయలు ఉడికిన నీళ్లు పారబోయాల్సిందే. పాలకూర ఉడికిన నీళ్లలో ఆక్సలేట్లు ఉంటాయి, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు అవీ వద్దు. అయోడిన్ కలిసిన నీళ్లు ఎవరూ తాగకూడదు. పిల్లలు ఇంట్లో ఈ ప్రయోగం చేస్తే పెద్దలు పక్కన ఉండండి.

మిగతావి: శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, ఐడీ కార్డు ఫొటోలు ఇంకా ఇవ్వనివాళ్లు ఆ రోజే ఇచ్చేయండి.

ప్రధానోపాధ్యాయుడు