ఫిట్‌మెంటు అంకె కన్నా ముందు గడుల సంగతి చూడండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారములతో,

చెన్నైలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో జీతాల బిల్లుల సెక్షనులో చాలా ఏళ్లు పనిచేసి, ప్రస్తుతం అయనవరంలో విశ్రాంత జీవితం గడుపుతున్న తెలుగువాణ్ణి. 8వ వేతన సంఘం పని మొదలైనప్పటి నుంచి మా వీధిలో టీ బంకు దగ్గర కూడా ఒకటే చర్చ: ఈసారి ఫిట్‌మెంటు, అంటే పాత మూల వేతనాన్ని గుణించే అంకె, ఎంత? ఆ అంకెను నిర్ణయించవలసింది సంఘమూ తమరూ కాబట్టి దాని జోలికి నేను పోను. అంకె ఏదైనా, గుణించిన తరువాత ఉద్యోగిని వేతన పట్టికలోని ఏ గడిలో కూర్చోబెడతారన్న చోట 2016లో జరిగిన ఒక పొరపాటును తమ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

7వ వేతన సంఘం సిఫారసుల మీద వచ్చిన సవరించిన వేతన నియమాలు 2016 జూలై 25న వెలువడి, అదే సంవత్సరం జనవరి 1 నుంచి వర్తించాయి. లెక్క చూడడానికి సులువుగానే ఉంటుంది. 2015 డిసెంబరు 31 నాటి మూల వేతనాన్ని, అంటే పే బ్యాండులోని వేతనమూ, హోదాను బట్టి వచ్చే గ్రేడ్ పే కలిపిన మొత్తాన్ని, 2.57తో గుణించి దగ్గరి రూపాయికి సరిచేయాలి. ఆ గ్రేడ్ పేకు పే మ్యాట్రిక్సు అనే కొత్త వేతన పట్టికలో కేటాయించిన లెవెల్‌లో అదే అంకె ఉంటే ఆ గడి, లేకుంటే దానికి పైనున్న గడి కొత్త మూల వేతనం అవుతుంది. 2.57 అనగానే జీతం రెండున్నర రెట్లు పెరిగిందని బంధువులు అనుకున్నారు గానీ, అందులో 2.25 అప్పటికే చేతికందుతున్న మూల వేతనమూ 125 శాతం కరవు భత్యమూ కలిసిన మొత్తమే. అసలు పెరుగుదల 14 శాతం పైచిలుకు మాత్రమే. అంత చిన్న పెరుగుదలలో ఒక గడి అటూ ఇటూ అయితే ఎంత తేడా పడుతుందో కింది ఉదాహరణలో కనిపిస్తుంది.

గ్రేడ్ పే 1,800 ఉన్న వారి అప్పటి ప్రారంభ వేతనం 7,000 రూపాయలు. మొదటి ఇంక్రిమెంటుతో అది 7,210, రెండో ఇంక్రిమెంటుతో 7,430 అవుతుంది, ఎందుకంటే పాత పద్ధతిలో మూడు శాతం లెక్కకట్టి పై పదికి సరిచేసేవారు. వీరికి దక్కిన లెవెల్ 1లో గడులు 18,000, 18,500, 19,100, 19,700 అని సాగుతాయి. 7,000ను గుణిస్తే 17,990 వస్తుంది కాబట్టి వేతనం 18,000 అవుతుంది. 7,210ని గుణిస్తే 18,530. కేవలం ముప్పై రూపాయలు ఎక్కువ కావడంతో 18,500 గడి దాటిపోయి 19,100 దక్కుతుంది. 7,430ని గుణిస్తే 19,095, అంటే ఇతనికీ 19,100 గడే.

ఈ ఇద్దరి మధ్య ఏడాది సర్వీసు తేడా ఉంది. 2013 సెప్టెంబరులో చేరినవాడు 7,430 దగ్గర, 2014 సెప్టెంబరులో చేరినవాడు 7,210 దగ్గర ఉంటారు. కరవు భత్యంతో కలిపి అప్పటికి చిన్నవాడికి 16,223, పెద్దవాడికి 16,718 వస్తోంది. ఇద్దరూ 19,100కు చేరడంతో చిన్నవాడికి 2,877 రూపాయలు, పెద్దవాడికి 2,382 రూపాయలు పెరిగాయి. అంటే వేతన సవరణ పెద్దవాడి ఒక ఇంక్రిమెంటును నిశ్శబ్దంగా మింగేసింది.

ఈ ముప్పు వేతన సంఘానికి తెలియకపోలేదు. రెండు పాత మెట్లు ఒకే గడిలో పడితే పై మెట్టువాడికి ఒక ఇంక్రిమెంటు అదనంగా ఇవ్వాలని వారే సూచించారు. దీన్నే కార్యాలయాల్లో బంచింగ్ అంటారు. పైన చెప్పిన పెద్దవాడికి ఆ లెక్కన 19,700 రావాలి. అయితే దాన్ని వివరించే ఉత్తర్వు ఆర్థిక శాఖ నుంచి వచ్చింది సెప్టెంబరు 7న. అప్పటికే చాలా చోట్ల కొత్త వేతనం లెక్కకట్టిన ఫిక్సేషన్ స్టేట్‌మెంట్లు తయారై, సర్వీసు రిజిస్టర్లలో ఎక్కి, కొత్త జీతాలు కూడా పడ్డాయి. 2017 ఆగస్టులో మరో వివరణ రావలసి వచ్చింది. మూసేసిన రిజిస్టర్లను మళ్లీ తెరవడమంటే ఏ గుమాస్తాకూ ఇష్టం ఉండదు, ఈ మాట అంటున్నది ఒక గుమాస్తానే.

ఒకనాటి సాయంత్రం ఒక యువకుడు, నెల్లూరు వైపువాడు, రెండు కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఒకటి అతనిది, ఒకటి అతని తరువాత ఏడాదికి చేరిన స్నేహితుడిది. "అన్నా, వాడికీ నాకూ ఒకే బేసిక్ ఎట్లా వచ్చింది? సంవత్సరం నేనేం చేసినట్టు?" అన్నాడు. అతని ఫైలు చూసే సెక్షను వారిని అడిగితే, మన దగ్గర బంచింగ్ కేసులు లేవని ముందే రాసి పంపేశామన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు ఉంది. నిజానికి దాన్ని పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఒక లెవెల్‌లోని పాత మెట్లను ఒక వరుసలో, వాటికి వచ్చిన కొత్త గడులను పక్క వరుసలో రాసుకుంటే, రెండో వరుసలో ఏ అంకె రెండు సార్లు కనబడినా అక్కడ ఆగి చూడాలి. ఆ పని చేయడానికి ఒక తెల్ల కాగితమూ, పావుగంటా చాలు. అతనికి సవరణ వచ్చేసరికి మాత్రం ఏడాది దాటింది.

ఇక ఈసారి సంగతి. 2016 నాటికి భిన్నంగా ఇప్పుడు ఉద్యోగులంతా ఇప్పటికే గడుల్లోనే ఉన్నారు. కనుక ప్రతి పాత గడికీ ఎదురుగా ఒక కొత్త గడి ఉండేలా పట్టిక వేస్తే ఇద్దరు ఒకచోట పడే సమస్యే పుట్టదు. అలా కాకుండా మొదటి గడిని మాత్రం గుణించి, అక్కడి నుంచి మూడు శాతం చొప్పున వందలకు సరిచేస్తూ కొత్త నిచ్చెన కడితే పాత తంటా తిరిగి వస్తుంది. లెక్క సులువు కోసం ఫిట్‌మెంటు 2 అనుకుందాం. లెవెల్ 1 నిచ్చెన 36,000, 37,100, 38,200, 39,300, 40,500 అని వస్తుంది. నేడు 19,100 తీసుకుంటున్న వ్యక్తికి గుణిస్తే సరిగ్గా 38,200, అతనికి పైసా కలిసిరాదు. 19,700 తీసుకుంటున్న వ్యక్తికి గుణిస్తే 39,400, నూరు రూపాయలు మించినందువల్ల 40,500లో కూర్చుంటాడు. పక్కపక్క మెట్ల మీద ఉన్న ఇద్దరిలో ఒకరికి సున్నా, ఇంకొకరికి 1,100 రూపాయలు. కారణం ఇద్దరి పనీ కాదు, సర్వీసూ కాదు, సరిచేసే పద్ధతి.

అందువల్ల తమకు నా విన్నపం ఇది. 8వ వేతన సంఘం సిఫారసులపై నియమాలు ప్రకటించేటప్పుడు, ప్రతి లెవెల్‌లో పాత గడికి కొత్త గడిని ఒకటికొకటిగా చూపే పట్టికను నియమాలతోనే అనుబంధంగా ముద్రించండి. ఏ కారణం చేతనైనా నిచ్చెనను కొత్తగానే కట్టవలసి వస్తే, ఎక్కడెక్కడ మెట్లు కలిసిపోతున్నాయో, అక్కడ ఎవరికి అదనపు ఇంక్రిమెంటు రావాలో ఆర్థిక శాఖే గుర్తించి, అదే పట్టికలో, అదే రోజున చూపించండి. ఏ గడికి ఏ గడో కార్యాలయాలు ఊహించుకునే అవకాశం వదలకండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత బిల్లుల గుమాస్తా,
అయనవరం, చెన్నై.