విషయం: కిచెన్ స్టేషన్ ఖాళీ చేసి 97 రోజులు, డిపాజిట్ రాలేదు, మీ దగ్గర్నుంచి ఒక్క సరైన సమాధానం లేదు

మేనేజ్‌మెంట్ వారికి,

ఇది మీకు నేను రాస్తున్న పదకొండో ఉత్తరం. మొదటి పదీ మర్యాదగానే రాశాను. వాటికి ఏ గతి పట్టిందో మీ సిస్టమ్‌కే తెలియాలి, ఎందుకంటే ప్రతిదానికీ ఒక టికెట్ నంబరు వచ్చింది, మూడో రోజుకల్లా "మీ సమస్య పరిష్కరించబడింది" అంటూ ఆ టికెట్ మూతపడింది. పరిష్కారం మీకే అయ్యుంటుంది.

మీ షేర్డ్ కిచెన్‌లో మూడేళ్లు వంట చేశాను. పది స్టేషన్లూ నిండి కళకళలాడిన రోజుల్లో ఉన్నాను, ఒక్కొక్కరూ ఖాళీ చేసి ఆరుగురమే మిగిలిన రోజుల్లోనూ ఉన్నాను. నా మాట మీదే ఇద్దరు మీ దగ్గర స్టేషన్ తీసుకున్నారు. అద్దె ఒక్కరోజు ఆలస్యం చేసిన పాపాన పోలేదు. అగ్రిమెంట్‌లో అన్నట్టే 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసిచ్చి, నెలాఖరున తాళాలు అప్పజెప్పి వచ్చేశాను. ఆ రోజు మీ సూపర్‌వైజర్ చెయ్యి కలిపి "డిపాజిట్ 45 రోజుల్లో వచ్చేస్తుంది మేడమ్, బేఫికర్" అన్నాడు.

నేనూ బేఫికర్‌గానే ఉన్నాను. 46వ రోజున ఫోన్ చేశాను.

మొదట ఎత్తిన అమ్మాయి నా స్టేషన్ నంబరు అడిగింది, పేరు అడిగింది, మళ్లీ స్టేషన్ నంబరు అడిగింది, "అకౌంట్స్‌కి కలుపుతున్నా" అంది. అకౌంట్స్ బదులు పాట వచ్చింది. పావుగంట పాట విన్నాక ఫోన్ కట్టయింది. రెండోసారి ఎత్తినాయన "మీరు ఇంకా మా దగ్గరే ఉన్నట్టు కనిపిస్తోందండీ" అన్నాడు. ఉంటే ఆ నెల అద్దె ఎందుకు అడగలేదని అడిగితే, అది బిల్లింగ్ వాళ్ల పనట. బిల్లింగ్‌లో ఆవిడ పాపం నిజాయితీపరురాలు, "45 రోజులు లెక్కపెట్టేది మీరు ఖాళీ చేసిన రోజు నుంచి కాదండీ, నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నుంచి" అంది. ఆ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు? ఫైనల్ యుటిలిటీ రీకన్సిలియేషన్, అంటే నా చివరి కరెంటు లెక్క తేల్చడం, అయ్యాక. అదెప్పుడవుతుంది? "అది ఆపరేషన్స్ వాళ్లు చూస్తారండీ." ఆపరేషన్స్ వాళ్ల నంబరు? "వాళ్లకి కస్టమర్ నంబరు ఉండదండీ."

అగ్రిమెంట్ తీసి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమే. 45 రోజులన్నది పెద్ద అక్షరాల్లో ఉంది. ఎప్పటి నుంచి అన్నది రెండు పేజీల తర్వాత ఇంకో క్లాజులో ఉంది. ఆ రీకన్సిలియేషన్‌కి గడువు మాత్రం వెతికి వెతికి కళ్లు కాయలు కాశాయి గానీ ఎక్కడా లేదు. అంటే మీరు లెక్క మొదలుపెట్టనంత కాలం నా 45 రోజుల్లో మొదటి రోజే రాదు. సంతకం పెట్టేటప్పుడు నేను అద్దె, లాకిన్, నోటీసు గడువు చూసుకున్నాను, ఇది చూసుకోలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

కానీ ఆ లెక్కేమన్నా చంద్రుడి మీదకి రాకెట్ పంపేదా? నేనే చేసి పెడతాను చూడండి. ఖాళీ చేసిన నెలలో మెయిన్ మీటర్ 8,350 యూనిట్లు తిరిగింది. ఆరు స్టేషన్ల సబ్ మీటర్లూ కలిపి 4,150. మిగతా 4,200 కోల్డ్ రూమ్, ఎగ్జాస్ట్, వరండా లైట్లు, అంటే ఉమ్మడి ఖర్చు. మీ క్లాజు ప్రకారం దాన్ని "వాడుకలో ఉన్న స్టేషన్ల" మధ్య సమానంగా పంచాలి, కాబట్టి నా వాటా 700. నా సబ్ మీటర్ నెల మొదట్లో 17,830, తాళాలిచ్చిన రోజు 18,462. తేడా 632. మొత్తం 1,332 యూనిట్లు. దాన్ని రేటుతో గుణించండి, డిపాజిట్‌లోంచి తీసేయండి, మిగతాది పంపండి. ఇంతే.

మాట వచ్చింది కాబట్టి అంటున్నాను, పది స్టేషన్లు ఉన్నప్పుడు ఇదే 4,200కి నా వాటా 420. నలుగురు వెళ్లిపోయారని కోల్డ్ రూమ్ కంప్రెసర్ తిరగడం తగ్గించదు కదా. మీ ఖాళీ స్టేషన్ల కరెంటు మేం కట్టాం. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికిలి విప్పాల్సింది మేమే, మీరు కాదు. "మొత్తం స్టేషన్లు" అని ఉండాల్సిన చోట "వాడుకలో ఉన్న" అన్న మాట మీరెందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది. అయినా కట్టాను, నోరెత్తలేదు.

70వ రోజున మీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. సంబరపడ్డాను. తీరా చూస్తే, గ్రీజ్ ట్రాప్ నిండిపోయి ఉందట, దాన్ని శుభ్రం చేయించిన ఖర్చు మొత్తం నా మీద వేస్తారట. శుభ్రత క్లాజులో "స్టేషన్, సంబంధిత ఉమ్మడి సదుపాయాలు" అని ఉందట. ఆరు సింకుల నీళ్లూ ఒకే ట్రాప్‌లోకి పోతుంటే, అది నా ఒక్కదానికే "సంబంధితం" ఎలా అయిందో?

తాళాలిచ్చిన రోజు జరిగింది మీకు చెప్తాను, మీ రికార్డుల్లో ఉండదు కాబట్టి. మీ సూపర్‌వైజర్ మూత ఎత్తాడు, కర్ర ముంచాడు, బయటికి తీసి టేపు పెట్టాడు. లోతు 60 సెంటీమీటర్లు. పైన తేలే కొవ్వు, అడుగున చేరిన మడ్డి కలిపి 9. ఈ రెండూ కలిసి లోతులో నాలుగోవంతుకి, అంటే 15కి చేరితే తోడించాలని గోడ మీద బోర్డు రాసింది మీరే. రెండు వారాల ముందే తోడించినట్టు లాగ్ బుక్‌లో ఆయన సంతకమే ఉంది. కర్ర మీద టేపు ఉన్న ఫొటో నా దగ్గర ఉంది. పంపాను. ఐదుసార్లు పంపాను. "ఫైల్ తెరుచుకోవట్లేదు" అన్నారొకరు. "ఫొటోలో తేదీ లేదు" అన్నారింకొకరు, అంటే ఆయనకి తెరుచుకున్నట్టే కదా!

నిన్న మాట్లాడినాయన అయితే "మేడమ్, మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. ఆయన జీతం 97 రోజులు ఆపి చూడండి, అప్పుడు టెన్షన్ అంటే ఏమిటో నాకే పాఠం చెప్తాడు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ మండిస్తున్నది ఇదే. గ్రీజ్ ట్రాప్ డబ్బు నేనే కట్టాలని మీరు నిజంగా నమ్మితే, ఒక మనిషి ఫోన్ చేసి ఆ మాట అనండి, పోట్లాడుకుందాం. మీరు పోట్లాటకి కూడా రారు.

వారం రోజుల్లో నో డ్యూస్ సర్టిఫికెట్, యూనిట్ల లెక్క, మిగిలిన డిపాజిట్ రావాలి. రాకపోతే లాయర్ నోటీసు వస్తుంది, దానికి మీరు టికెట్ నంబరు ఇవ్వలేరు. నా మాట మీద చేరిన ఆ ఇద్దరికీ వాళ్ల అగ్రిమెంట్‌లో 45 రోజుల గురించిన ఆ రెండు క్లాజులు ఏ పేజీల్లో ఉన్నాయో ఇప్పటికే చెప్పాను. ఒకరికి వచ్చే నెల రెన్యువల్. రీకన్సిలియేషన్‌కి 15 రోజుల గడువు రాసిస్తేనే సంతకం పెడతానంటోంది. ఆ సంగతి మీ సేల్స్ వాళ్లు మీకు చెప్పే ఉంటారు, వాళ్లు మాత్రం మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతారు.

ఇట్లు,
6వ స్టేషన్ మాజీ అద్దెదారు

తా.క.: ఈ ఉత్తరానికి కూడా "మీ అనుభవానికి ఎన్ని స్టార్లు ఇస్తారు" అని మెసేజ్ పంపకండి. గతసారి పంపినప్పుడు ఒక స్టారిచ్చాను, "ధన్యవాదాలు, మీ సంతోషమే మా సంతోషం" అని వచ్చింది.