వార్త ఫొటోలో మనుషుల్ని చెరపనివ్వకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మండల వార్తల పేజీల్లో వచ్చే గ్రూపు ఫొటోల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. శంకుస్థాపనలు, గ్రామసభలు, సన్మానాల ఫొటోలు చాలావరకు మీ విలేకరులు తీసినవి కావని చూస్తేనే తెలుస్తుంది. నిర్వాహకులో, నాయకుల వెంట ఉండేవాళ్లో వాట్సాప్‌లో పంపుతారు. పంపేవాళ్లకు గిట్టని మనిషి ఆ ఫొటోలో ఉంటే తీసేయడానికి ఇప్పుడు స్టూడియోకి రానక్కర్లేదు. ఫోన్లో ఆ మనిషి చుట్టూ వేలితో గీస్తే క్షణాల్లో మాయమైపోతారు.

ఇటీవల మా ప్రాంతంలో ఒక బడికి కట్టిన అదనపు గదుల ప్రారంభోత్సవం ఫొటో రెండు పత్రికల్లో వచ్చింది. ఒకదాంట్లో రిబ్బన్ పక్కన ఆ వార్డు సభ్యురాలు ఉన్నారు, రెండోదాంట్లో లేరు. ఆవిడ వెళ్లిపోయాక తీసిన ఇంకో ఫొటో అనుకోవడానికి వీల్లేదు. కత్తెర తెరుచుకున్న తీరు, గాలికి లేచిన రిబ్బన్ కొస, వెనక నిలబడి ఆవలిస్తున్న కుర్రాడు రెండింట్లోనూ అచ్చంగా ఒకటే. స్టూడియో నడుపుకునేవాణ్ని కాబట్టి నా కళ్లు ముందు వెనకాల ఉన్న ఫ్లెక్సీ మీదికి పోయాయి. ఆవిడ నిలబడిన చోట తప్ప ఫ్లెక్సీ అంతా చదవగలిగేలా ఉంది. ఆ జానెడు మేర మాత్రం తలకట్లూ ఒత్తులూ కలగలిసిపోయి ఏ భాషా కాని గీతలయ్యాయి. పక్కనున్న ఉపాధ్యాయురాలి భుజం మీద నాలుగు వేళ్లు మిగిలాయి. ఆ వేళ్ల తాలూకు మనిషి ఫొటోలో లేరు.

ఇలా ఎందుకవుతుందంటే, మనిషిని తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ మనిషి వెనకాల ఏముందో కెమెరా ఎప్పుడూ చూడలేదు. అందుకని చెరిపే యాప్ చుట్టుపక్కల ఉన్నవాటిని బట్టి ఊహించి నింపుతుంది. ఆకాశం, గడ్డి, సున్నం గోడ అయితే ఎవరూ పట్టుకోలేరు. అక్షరాలు, కిటికీ ఊచలు, గచ్చు పలకల గీతలు, కుర్చీ కాళ్లు ఉన్నచోట తడబడుతుంది. నేల మీద నీడ మిగిలిపోవడం, పక్కవాళ్ల మోచెయ్యి సగంలో తెగిపోవడం కూడా మామూలే. మీ డెస్కులో ఎవరైనా ఫొటోను పెద్దది చేసి వీటిని ఒక నిమిషం చూస్తే చాలా మోసాలు బయటపడతాయి. అన్నీ కాదు, చేయి తిరిగినవాడు చేసింది మా బోటివాళ్లకూ దొరకదు. అలాంటప్పుడు అదే సందర్భంలో ముందూ వెనకా తీసిన ఫొటోలు అడగడమే దారి. గ్రూపు ఫొటో ఎవరూ ఒక్కటే తీయరు, వరసగా నాలుగైదు తీస్తారు. ఒక్కటే ఉంది, మిగతావి లేవంటే అనుమానించాల్సిందే.

పెళ్లి ఆల్బంలోంచి ఎవరినైనా తీసేయమని మా దగ్గరికి వస్తూనే ఉంటారు. వెనకాల తొంగిచూసిన వంటవాణ్ని తీసేయమంటారు, ఒక్కోసారి విడిపోయిన అల్లుణ్ని తీసేయమంటారు. చేసిస్తాం. ఆ ఆల్బం ఆ ఇంటిది, చూసేవాళ్లకు సంగతి తెలుసు, దాన్ని చూసి ఊళ్లో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. పత్రికలో ఫొటో అలాంటిది కాదు. ఆ రోజు ఆ బడి దగ్గర ఎవరున్నారో నాకు తెలియదు గనుకే మీ పత్రిక కొని చూస్తున్నాను. ఎన్నికై వచ్చిన ఒక మహిళను అందులోంచి తీసేస్తే, ఆవిడ తన వార్డు పనికి కూడా రాలేదని నేను అనుకుంటాను. వచ్చే ఎన్నికల్లో నా ఓటు మీద కూడా ఆ అబద్ధం పనిచేస్తుంది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. 2011 మే 1న ఒసామా బిన్ లాడెన్ మీద దాడి జరుగుతుండగా, వైట్‌హౌస్‌లోని ఒక గదిలో ఒబామా, ఆయన బృందం తెర వైపు చూస్తూ కూర్చున్న ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వైట్‌హౌస్ ఫొటోగ్రాఫర్ పీట్ సౌజా తీసినది. బ్రూక్లిన్‌లో యూదు ఛాందస వర్గం నడిపే ‘డెర్ జైటుంగ్’ అనే పత్రిక దాన్ని వేసుకుంటూ ఇద్దరు మహిళల్ని తీసేసింది. ఒకరు అప్పటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, రెండోవారు ఉగ్రవాద నిరోధక విభాగం అధికారి ఆడ్రీ టొమాసన్. ఆడవాళ్ల ఫొటోలు వేయకపోవడం తమ ఆచారమని ఆ పత్రిక చెప్పుకుంది, ఫొటోను మార్చినందుకు క్షమాపణ కూడా కోరింది. దాన్ని ఏ విధంగానూ మార్చకూడదన్న షరతుతోనే వైట్‌హౌస్ ఆ ఫొటోను విడుదల చేసింది.

వాళ్ల ఆచారం వాళ్లది, ఆ ఫొటో వేయకుండా ఉండే హక్కు వాళ్లకుంది. వార్త మాత్రమే రాసుకోవచ్చు, గది తలుపు ఫొటో వేసుకోవచ్చు. అప్పుడు పాఠకుడికి ఒక సంగతి తెలియకుండా పోయేది, అంతే. వాళ్లు వేసిన ఫొటోతో పాఠకుడికి తప్పు తెలిసింది. అంత పెద్ద నిర్ణయం జరిగిన గదిలో మగవాళ్లే ఉన్నారని నమ్మాడు. నేను ఆక్షేపించేది దాన్నే.

మరి కత్తిరించడం మాటేమిటి అని మీ డెస్కు వాళ్లు అడగొచ్చు. స్థలం చాలకపోతే ఫొటో అంచులు కోయడం పత్రికల్లో రోజూ జరిగేదే, అందులో తప్పు లేదని ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇక్కడ అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి.

నార్సిసో కాంట్రెరాస్ సిరియా యుద్ధం ఫొటోలకు 2013లో పులిట్జర్ బహుమతి అందుకున్న బృందంలో ఒకరు. ఆ ఏడాదే ఆయన తీసిన ఒక ఫొటోలో, పరుగున దాక్కోబోతున్న ఒక తిరుగుబాటుదారుడి పక్కన కింది మూలలో తోటి విలేకరి వీడియో కెమెరా పడింది. ఆయన దాని మీద పక్కనున్న నేలను అతికించి కెమెరాను మాయం చేశారు. 2014 జనవరిలో సంగతి బయటపడగానే సంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది. ఆయన తీసిన దాదాపు 500 ఫొటోలను పరిశీలిస్తే ఇంకెక్కడా అలాంటిది దొరకలేదు. అయినా నిర్ణయం మార్చుకోలేదు. తీసేసింది మనిషిని కూడా కాదు, వార్తకు ఏమాత్రం సంబంధంలేని ఒక పెట్టెను. ఆ మూల కోసేసి పంపి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కొంచెం కఠినమేమో అని మొదట నాకూ అనిపించింది. కానీ వస్తువు ముఖ్యమా కాదా అన్నది ఫొటోగ్రాఫర్ ఇష్టానికి వదిలేస్తే, రేపు మనిషి ముఖ్యమా కాదా అన్నదీ అతని ఇష్టమే అవుతుంది.

రెండోది 2020 జనవరిలో దావోస్‌లో జరిగింది. పర్యావరణం కోసం పోరాడే అయిదుగురు యువతులు మంచు కొండల ముందు నిలబడ్డారు. గ్రెటా థన్‌బెర్గ్ వారిలో ఒకరు. ఉగాండా నుంచి వచ్చిన వనెస్సా నకాటే ఒక చివర ఉన్నారు. అయిదుగురిలో నల్లజాతి యువతి ఆమె ఒక్కరే. సంస్థ పంపిన ఫొటోలో నలుగురే ఉన్నారు. ఆమె వెనక ఒక భవనం కంటికి అడ్డంగా ఉందని ఆ చివర కత్తిరించామని చెప్పారు. నియమం ప్రకారం చూస్తే అది మామూలు కత్తిరింపు, ఒక్క చుక్క కూడా మార్చలేదు. అయినా తనను ఎందుకు తీసేశారని ఆమె బహిరంగంగా అడిగాక సంస్థ సంపాదకురాలు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, పూర్తి ఫొటో విడుదల చేయాల్సి వచ్చింది.

కత్తెరతో చేశారా, చెరిపేసే పనిముట్టుతో చేశారా అన్నదొక్కటే కొలత కాదని ఈ రెండూ చూస్తే తేలుతుంది. చెరపడం ఎప్పుడూ తప్పే. కత్తిరించడం మాత్రం, ఫొటో తీయించుకోవడానికి నిలబడిన వరసలోంచి ఒకరు పోతే తప్పు. దారినపోయేవాడి సగం భుజం పోతే ఎవరికీ నష్టం లేదు.

నేరాల కేసుల్లో బాధితులో, సాక్షులో, నిందితులో అయిన పిల్లల విషయంలో, అత్యాచార బాధితుల విషయంలో గుర్తు తెలియనివ్వకూడదని చట్టమే చెబుతోంది. అక్కడ కూడా మనిషిని మాయం చేయనక్కర్లేదు. ముఖం మీద నల్లటి గడి పెడితే అక్కడొక మనిషి ఉన్నారనీ, పత్రిక కావాలనే దాచిందనీ పాఠకుడికి కనబడుతుంది. పలచగా మసక చేసి వదిలేయకండి, బడి దుస్తులూ ఇంటి పేరున్న గేటూ కనబడేలా ఉంచకండి. ఊళ్లో వాళ్లు వాటిని బట్టే పోల్చుకుంటారు.

ఇప్పుడు రికార్డుల సంగతి. గ్రామసభకు ఎవరొచ్చారు, పని జరిగే చోట ఎవరున్నారు, గొడవలో ముందు వరసలో ఎవరు నిలబడ్డారు అన్నదానికి ఫొటోలే ఆధారమవుతున్న రోజులివి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి డిజిటల్ ఆధారాన్ని కోర్టుకు ఇచ్చేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలు ‘హాష్’ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన అంకెలూ అక్షరాల పొడుగాటి వరస. ఫొటోలో ఒక్క చుక్క రంగు మార్చినా ఆ వరస మొత్తం మారిపోతుంది. మంచి ఏర్పాటే. కానీ హాష్ తీసినప్పటి నుంచి మార్పు జరగలేదని మాత్రమే అది చెప్పగలదు. అంతకుముందే ఒకరిని చెరిపేసి ఉంటే, చెరిపిన ఫొటోకే చక్కగా హాష్ వస్తుంది. కాబట్టి తీసిన ఫోనో, కెమెరా కార్డో, అందులోని అసలు ఫైలో భద్రంగా ఉండటమే ముఖ్యం.

మీ పత్రికకూ ఇది వర్తిస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, ఏ ఫోన్‌తో ఎప్పుడు తీశారన్న వివరాలు రాలిపోతాయి. అదే డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. బయటివాళ్లు పంపే ఫొటోలను డాక్యుమెంట్‌గానే పంపమనండి, ముందూ వెనకా తీసినవి ఇంకో రెండు అడగండి. ఫొటో కింద ‘నిర్వాహకులు పంపినది’ అని వేయండి. వరసలో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి రాయించుకుని తలలు లెక్కపెట్టండి. వచ్చిన ఫైలును పేజీ అచ్చయ్యాక తీసేయకుండా దాచండి, ఏ పంచాయతీ తగాదాలో ఎవరికి అవసరమవుతుందో చెప్పలేం. అన్నీ చూసుకున్నాక కూడా చెరిపిన ఫొటో అచ్చయిపోతే, లోపలి పేజీలో రెండు లైన్ల సవరణతో సరిపెట్టకండి. పూర్తి ఫొటోను అదే పేజీలో అంతే సైజులో, తీసేసిన మనిషి పేరుతో సహా వేయండి. మా ప్రాంతంలో అచ్చయిన ఆ ప్రారంభోత్సవం ఫొటోకు అలాంటి సవరణ నాకింకా కనబడలేదు.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
తెనాలి