శిక్ష ఎక్కడ ఆగాలో కూడా రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఎడ్యుకేషన్ పేజీలో శిక్ష ఉద్దేశాల మీద ఇచ్చిన మోడల్ ఆన్సర్ చదివాను సార్. డిటరెన్స్ అంటే భయపెట్టడం, రిట్రిబ్యూషన్ అంటే పగ తీర్చుకోవడం కాబట్టి పాతకాలపుది, రిహాబిలిటేషన్ అంటే మనిషిని మార్చడం కాబట్టి అన్నిటికన్నా దయగలది, చివర్లో మూడూ సమపాళ్లలో ఉండాలి అని ముగించారు. నేను పేపర్లు దిద్దుతాను, సగం మంది పిల్లలు అచ్చం ఇదే రాస్తారు, ఇందులో పోలిక అనేదే లేదు. మూడు డెఫినిషన్లు పక్కపక్కన పెడితే పోలిక అయిపోదు కదండీ, మూడింటినీ ఒకే ప్రశ్న అడగాలి. నేనైతే "శిక్ష ఎంత, ఎక్కడ ఆపాలి" అని అడగమంటాను, ఎందుకంటే అక్కడే మూడూ విడిపోతాయి.

ఒక నిజం కేసు తీసుకుందాం. కాలిఫోర్నియాలో జార్జ్ జాక్సన్ అనే కుర్రాడికి పెట్రోల్ బంకులో సుమారు 70 డాలర్ల దోపిడీ కేసులో 1961లో శిక్ష పడింది, ఎన్నేళ్లో తెలుసా, "ఒక ఏడాది నుంచి జీవితాంతం". జడ్జి పొరపాటేం కాదు, అక్కడ 1917 నుంచి చట్టమే అలా ఉంది. మనిషి ఎప్పుడు మారతాడో కోర్టుకి ముందే ఎలా తెలుస్తుంది, అందుకని కోర్టు టైమ్ ఫిక్స్ చెయ్యదు, ఖైదీల విడుదల తేల్చే బోర్డు చూసి మారాడనుకున్నప్పుడు వదులుతుంది అనేది లెక్క. అంటే ఇది పక్కా రిహాబిలిటేషన్ సిద్ధాంతం, రోగం తగ్గేదాకా డిశ్చార్జ్ లేదన్నట్టు. జాక్సన్ మీద జైల్లో క్రమశిక్షణ కేసులు పడ్డాయి, పెరోల్ రాలేదు, 1970లో ఒక గార్డు హత్య కేసులో నిందితుడయ్యాడు, 1971లో శాన్ క్వెంటిన్ జైల్లో గార్డుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ చివరి రెండేళ్ల సంగతి పక్కన పెట్టినా, 70 డాలర్లకి అప్పటికే ఎనిమిదేళ్లు దాటిపోయాయి, ఇంకా ఎన్నేళ్లో చెప్పగలిగే రూలు ఏదీ లేదు.

ఇప్పుడు దీన్ని మిగతా రెండిటితో చూడమనండి పిల్లల్ని. రిట్రిబ్యూషన్ ని నమ్మేవాళ్లు, నేరస్తుడు చేసిన తప్పు బరువెంత అని మాత్రమే చూస్తారు. జైల్లో కొత్త నేరం చేస్తే దానికి వేరే విచారణ, వేరే శిక్ష, అంతేగానీ నీ ప్రవర్తన మాకు నచ్చలేదు కాబట్టి పాత దోపిడీకే ఇంకో ఏడాది ఉండు అనడానికి వీల్లేదు. పగకి కొలత ఉండదు, దీనికి ఉంటుంది. కంటికి కన్ను అన్న పాత మాటలో కూడా కన్నుకి మించి తియ్యొద్దు అనే హద్దు ఉంది, దాన్ని అనాగరికం అని ఒక్క లైన్లో కొట్టిపారేసే పిల్లలకి ఇది ఎవరూ చెప్పట్లేదనే నా బాధ. అయితే దీనికీ లోపం ఉంది, దోపిడీకి రెండేళ్లా ఐదేళ్లా అంటే ఖచ్చితంగా చెప్పలేదు, ఇది దీనికన్నా పెద్ద తప్పు అని వరస మాత్రం చెప్పగలదు.

డిటరెన్స్ లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ జాక్సన్ కి ఎంత అనేది జాక్సన్ ని బట్టి ఉండదు, బయట దోపిడీ చేద్దామనుకునే వాళ్లని బట్టి ఉంటుంది. ఊళ్లో దోపిడీలు పెరిగితే ఇతని శిక్ష పెంచొచ్చు, జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లోనే అభ్యంతరం చెప్పింది దీనికే, మనిషిని వేరేవాళ్ల ప్రయోజనానికి పనిముట్టుగా వాడకూడదని. పోనీ పెంచితే భయపడతారా అంటే, నేరాలు, శిక్షల మీద పుస్తకం రాసిన ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా 1764లో చెప్పిందేంటంటే దొరుకుతాననే నమ్మకం ఆపినంతగా శిక్ష కాఠిన్యం ఆపదు అని. దొరకను అనుకునేవాడు ఏళ్లు లెక్కెయ్యడు కదా. కాబట్టి డిటరెన్స్ ని సీరియస్ గా తీసుకున్నవాడు శిక్షలు పెంచండి అనడు, పోలీసు పని బాగుచెయ్యండి అంటాడు, ఈ పాయింట్ రాసిన పేపర్ కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

కాలిఫోర్నియా చివరికి 1976లో చట్టం మార్చింది, జైలు ఉద్దేశం శిక్షే అని రాసుకుని చాలా నేరాలకి ఏళ్లు ఫిక్స్ చేసింది. అప్పుడేమైంది, హద్దు వచ్చింది గానీ ఆ ఏళ్లు ఎన్నో తేల్చేది అసెంబ్లీ, దానికి పెంచడం చాలా ఈజీ, 1994లో మూడోసారి దొరికితే 25 ఏళ్ల నుంచి జీవితాంతం అనే చట్టం కూడా వచ్చింది. 2016కి వచ్చేసరికి ఆ ఉద్దేశంలో రిహాబిలిటేషన్ అనే మాట మళ్లీ చేర్చారు.

హార్ట్ అనే లా ప్రొఫెసర్ ఈ చిక్కుని విడదీశాడు: శిక్ష అనే వ్యవస్థ ఎందుకు అనేది ఒక ప్రశ్న, ఎవరికి ఎంత అనేది ఇంకో ప్రశ్న, రెండిటికీ ఒకే జవాబు ఉండక్కర్లేదు. నేరాలు తగ్గడానికి జైలు పెట్టుకోవచ్చు, లోపల చదువు, పని నేర్పొచ్చు, కానీ పైహద్దు మాత్రం చేసిన తప్పు బరువే గీయాలి అని నా అభిప్రాయం. పిల్లలు దీన్ని ఒప్పుకోకపోయినా పర్లేదు, "సమపాళ్లు" అనే మాట దగ్గర ఆగిపోకుండా ఏది ఉద్దేశం, ఏది హద్దు అని తేల్చి రాస్తే చాలు. వచ్చేసారి ఇదే ప్రశ్నకి ఒకే కేసు తీసుకుని మూడింటితో కొలిచి చూపించే ఆన్సర్ ఒకటి వెయ్యండి సార్, కావాలంటే నేనే రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు