వచ్చే నెల నుంచి నవలల బదులు జీవిత చరిత్రలు

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడి గ్రూపులో కొన్నాళ్లు నవలలు పక్కన పెట్టి చరిత్ర, జీవిత చరిత్రలు చదువుదామని నా కోరిక.

నవల పూర్తికానివాళ్లు ముగింపు ముందే తెలిసిపోతుందని మీటింగుకే రావడం లేదు. జీవిత చరిత్రకు ఆ టెన్షన్ ఉండదు. తలా ఒక అధ్యాయం చదివి వచ్చినా మాట్లాడుకోవచ్చు. మొదట గిడుగు రామమూర్తి గారిని తీసుకుందాం. ఆయన మన ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా అనే మన బతుకు అర్థం కావాలంటే ఆ ఏడాది సంగతి తెలియాలి.

నవలలంటే ప్రాణం పెట్టే అక్కలకు ఇబ్బంది లేకుండా ప్రతి మూడో నెలా నవలే చదువుదాం, అది వాళ్లే ఎంచాలి. తేదీలు, పేర్లు ఎక్కువై విసుగొస్తే యాభై పేజీల దగ్గర ఆపి అందరినీ అడుగుదాం. ఎక్కువమంది వద్దంటే ఆ పుస్తకం మార్చేద్దాం.

శనివారంలోగా మీ మాట ఇక్కడే చెప్పండి.