జీడిమెట్ల నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ బాగుంది, పిల్లలకు పరీక్షలు. నీ కుక్కర్ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదులే. అసలు సంగతికొస్తా.

మా వేతన ఒప్పందం కుదిరిందిరా! డిసెంబరు 10న కార్మిక శాఖ అధికారి ముందు సంతకాలయ్యాయి. కాబట్టి యూనియన్‌లో లేనివాళ్లకూ వర్తిస్తుంది. ముప్పై పేజీల ఇంగ్లీషు కాగితం. నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఒక పేజీ తెలుగులో రాయమని నాకిచ్చారు.

అప్పటికే గేటు దగ్గర ఒకటే మాట: "జీతం 4,500 పెరిగింది, ఏప్రిల్ నుంచి బకాయిలొస్తాయి." నిజమేగానీ, ఆ మాట అలాగే రాస్తే గొడవే. 4,500 మూడేళ్లకు కలిపి. మొదటి ఏడాది 2,000, తర్వాతి ఏడాది 1,500, ఆపై ఏడాది 1,000. డీఏ వీటితో సంబంధం లేకుండా ధరల సూచీని బట్టి మారుతూనే ఉంటుంది.

మొదటి ఏడాది 2,000 చూడు. బేసిక్‌లో 1,000, ఇంటద్దె 600, హాజరు భత్యం 400. మొదటి రెండూ ఏప్రిల్ 1 నుంచి. హాజరు భత్యం మాత్రం డిసెంబరు 1 నుంచేనని వేరే క్లాజులో ఉంది. అందుకే ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల బకాయి 1,600 చొప్పున 12,800. అందరూ 16,000 అనుకుంటున్నారు. పైగా బేసిక్ బకాయి 8,000 మీద పీఎఫ్ 12 శాతం, అంటే 960 పోతుంది. చేతికొచ్చేది 11,840. ఆ లెక్క మొత్తం బోర్డు మీద రాశాను. జీతం రోజున కౌంటర్ దగ్గర మనవాళ్లు మోసపోయామనుకోకూడదు కదరా.

బాధ్యతలు రాసేటప్పుడు మాత్రం మనసు కుదురుగా లేదు. యాజమాన్యం బకాయిలు జనవరి, ఫిబ్రవరి జీతాలతో సగం సగం ఇవ్వాలి, సమ్మె చేసినవాళ్లను వేధించకూడదు. మనవైపు నుంచి, 2028 మార్చి 31 దాకా ఆర్థిక భారం పడే కొత్త డిమాండ్లు పెట్టకూడదు, షిఫ్టుకు 900 బదులు 980 పీసులు తీయాలి. యంత్రం ఆగినా, ముడిసరుకు అందకపోయినా ఆ సమయం తీసేసి లెక్కించాలని చివరి అనుబంధంలో ఉంది. సూపర్‌వైజర్లు 980 మాత్రమే గుర్తుపెట్టుకుంటారు, అందుకే రెండూ ఒకే వాక్యంలో పెట్టాను. ఇద్దరు నాయకులు "అంత వివరం ఎందుకు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మోల్డింగ్‌లో వారానికోసారైనా యంత్రం ఆగుతుందని నీకూ తెలుసు, అప్పట్లో మనిద్దరం ఆ వేడిలో...

వచ్చే నెల నువ్వొస్తే మీ బాబాయి ఇంటి పత్రం కూడా చూద్దాం. ఇంకా చాలా ఉంది, రెండో ఏడాది 1,500 ఎలా విడగొట్టారో అదీ చెప్పాలి. షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది, ఉంటా.

నీ
రాజు